‘ఉందా అండీ?’, ‘ఏమన్నా తగ్గుతుందా?’

జగ్గయ్యపేటలో ఒక పాత మోటారు సైకిల్‌ని ఫోటో తీసి, ధర రాసి, ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో ఊళ్లో ఉన్న అమ్మకాల వాట్సాప్ గ్రూపుల్లోనో పెట్టి చూడండి. సాయంత్రానికి ఫోన్ నిండిపోతుంది. నందిగామ నుంచి, కంచికచర్ల నుంచి, వత్సవాయి నుంచి, సరిహద్దు దాటితే కోదాడ, హుజూర్‌నగర్, మధిర నుంచి మెసేజ్‌లు వస్తాయి. ఎందరు రాసినా అడిగేవి రెండే. బండి ఇంకా ఉందా? ఆఖరికి ఎంతకిస్తారు? కొందరు తెలుగు లిపిలో రాస్తారు, ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో ‘bro unda’, ‘last entha’ అని కొడతారు. అమ్మేవాడు మొదటి రోజు ఉత్సాహంగా ఒక్కొక్కరికీ రాస్తాడు, రెండో రోజు ‘ఉంది’ అని ముక్తసరిగా కొడతాడు, మూడో రోజుకి చూసి వదిలేస్తాడు. ఆ వదిలేసిన వాళ్లలోనే అసలు కొనేవాడు ఉండొచ్చు.

అందుకే జవాబులు ముందే రాసి పెట్టుకోవడం అనే చిన్న అలవాటు పుట్టింది. ఇది కొత్తదేమీ కాదు. మన తంతి ఆఫీసుల్లో పండుగ, పెళ్లి శుభాకాంక్షలకు అచ్చు వేసిన వాక్యాల జాబితా ఉండేది. వాక్యం నంబరు రాసిస్తే అవతలి ఊళ్లో పూర్తి వాక్యమై చేరేది. 2013 జులైలో టెలిగ్రాం సర్వీసు మూతపడింది కానీ, ఒకే మాట పదిమందికి చెప్పాల్సినప్పుడు దాన్ని ఒక్కసారే బాగా రాసుకోవాలన్న అవసరం పోలేదు. ఆ రాసిన మాట పని చేస్తోందా లేదా అన్నదే ఇక్కడి చర్చ. నేను చూసినంతలో చాలామంది రాసుకున్న జవాబులు పని తగ్గించడం లేదు, పెంచుతున్నాయి.

ముందు ‘ఉందా?’ సంగతి. ప్రకటన కళ్లెదుట ఉండగా ఉందా అని అడగడమేమిటని అమ్మేవారికి విసుగు. కానీ తప్పు అడిగేవారిది మాత్రమే కాదు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, వస్తువు అందుబాటులో ఉందా అనే వాక్యం పెట్టెలో ముందే రాసి ఉంటుంది. ఒక్క నొక్కు చాలు, వెళ్లిపోతుంది. పూర్వం బండి ఉందో లేదో తెలియాలంటే బస్సెక్కి రావాలి, లేదా ఫోన్ చేసి పలకరించాలి. అంత శ్రమ పడ్డవాడికి కొనే ఉద్దేశం ఉన్నట్టే లెక్క. ఇప్పుడు ఆ ప్రశ్నకు ఖర్చు లేదు. బస్టాండులో కూర్చుని పొద్దుపోక నొక్కినవాడూ, రేపు పొద్దున్నే డబ్బుతో రాబోయేవాడూ అదే వాక్యం పంపుతారు. కాబట్టి జవాబు చేయాల్సిన మొదటి పని ఈ ఇద్దరినీ వేరు చేయడం.

దీనికి ఊళ్లో నాలుగు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది ‘ఉందా’ అన్నవాడికి అసలు జవాబివ్వకపోవడం. ఇది రోషం తప్ప వ్యాపారం కాదు. రెండోది ‘కాల్ చేయండి’ అని నంబరు పడేయడం. పెద్ద వయసువాళ్లు ఎక్కువగా ఇదే చేస్తారు, వాళ్లకి మాట మీద ఉన్న పట్టు రాతలో ఉండదు కనుక అది వాళ్లకి సరైనదే. కానీ సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలో ఉన్నవాడు పగలు ఫోన్ ఎత్తలేడు, ఎత్తనప్పుడు ‘కాల్ చేయండి’ అన్న జవాబు అబద్ధమవుతుంది. మూడోది యంత్రానికే వదిలేయడం. నాలుగోది, నేను సరైనదనుకునేది, ప్రశ్న చదివి, దానికి తగిన సిద్ధ జవాబును మనిషే ఎంచి పంపడం.

మూడో, నాలుగో పద్ధతులకు తేడా తెలియక చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. 2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో రెండు రకాల సదుపాయాలున్నాయి. గ్రీటింగ్ మెసేజ్ అనేది ఎవరైనా మొదటిసారి రాసినప్పుడు, లేదా 14 రోజులు మాటామంతీ లేక మళ్లీ రాసినప్పుడు తనంతట తానే వెళ్తుంది. అడిగింది ఏమిటో అది చదవదు. బండి ఉందా అంటే ‘నమస్కారం, మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు’ అంటుంది. బజాజ్ షోరూముకు అది చెల్లుతుందేమో కానీ, ఇంట్లో ఒక్క బండి అమ్ముకునేవాడు అలా రాస్తే అవతలివాడు ఇతను బ్రోకరని తేల్చేసుకుంటాడు. రెండోది క్విక్ రిప్లైస్. బిజినెస్ టూల్స్‌లోకి వెళ్లి జవాబు రాసి, దానికో పొట్టి పేరు పెట్టుకుంటాం. చాట్‌లో స్లాష్ కొట్టి ఆ పేరు రాస్తే పూర్తి జవాబు వచ్చి కూర్చుంటుంది, పంపే ముందు ఒక మాట మార్చుకోవచ్చు కూడా. యాభై దాకా దాచుకోవచ్చు. ఒక బండికి నాలుగు చాలు:

```
/undi
/rate
/noc
/token
```

బిజినెస్ యాప్ వద్దనుకునేవారు ఫోన్ కీబోర్డు సెట్టింగుల్లో పర్సనల్ డిక్షనరీలో ఇదే ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు అది ఓఎల్‌ఎక్స్ చాట్‌లోనూ మార్కెట్‌ప్లేస్‌లోనూ పనిచేస్తుంది.

ఇక ఆ జవాబుల్లో ఏం రాయాలి? ఒక బండి తీసుకుని చూద్దాం. 2018లో కొన్న హీరో స్ప్లెండర్, నంబరు ఏపీ 16తో మొదలవుతుంది. (2019 మొదట్లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకే కోడ్ వచ్చింది. అందుకే కృష్ణా జిల్లా పాత కోడ్ కనబడగానే బండి వయసు కొంత తెలిసిపోతుంది.) యజమాని చెప్పే ధర 42,000. మనసులో 38,500కి దిగకూడదని ఉంది. కోదాడ నుంచి ఒకరు రాశారు: ‘బండి ఉందా అన్నా?’

‘ఉంది’ అని ఒక్క మాట పంపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. వెంటనే ‘ఎక్కడ?’, తర్వాత ‘పేపర్లు ఉన్నాయా?’, తర్వాత ‘లాస్ట్ ఎంత?’. అడిగినదానికే జవాబిచ్చి ఊరుకుంటే అవతలివాడు తర్వాతి సులువైన ప్రశ్నకు వెళ్తాడు, ఆ సులువైన ప్రశ్న ఎప్పుడూ ధరే. దానికి బదులు సిద్ధ జవాబు ఇలా ఉంటే బాగుంటుంది: ‘ఉందండి. బండి జగ్గయ్యపేటలో ఉంది, సాయంత్రం 5 తర్వాత ఎప్పుడైనా చూడొచ్చు. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది, ఫైనాన్స్ లేదు. మీరు ఏ ఊరి నుంచి అండీ, ఎప్పుడు రాగలరు?’

ఇందులో అసలు పని చేసేది చివరి వాక్యం. పొద్దుపోక నొక్కినవాడు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు, అతని వెంట మనం పడనక్కర్లేదు. నిజంగా కావాల్సినవాడు ఊరు చెప్తాడు, వారం చెప్తాడు. మన ప్రాంతంలో ఊరు అడగడానికి ఇంకో బలమైన కారణం ఉంది. గరికపాడు దాటితే తెలంగాణ. నందిగామవాడు కొంటే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, పేరు మార్పు. అమ్మినట్టు రవాణా శాఖకు తెలపడానికి అమ్మినవాడికి 14 రోజుల గడువు. కోదాడవాడు కొంటే బండికి ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి, దానికి ఫారం 28. అక్కడ 12 నెలలు మించి వాడుకోవాలంటే తెలంగాణ నంబరు పడాలి, అక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఒకప్పుడు ఫైనాన్స్ మీద కొన్న బండైతే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఫారం 35 పెట్టి ఆర్‌సీలోంచి ఆ పేరు తీయించందే ముందడుగు పడదు.

అంటే కోదాడవాడు, నందిగామవాడు ‘ఏమన్నా తగ్గుతుందా?’ అని ఒకే మాట అడిగినా ఇద్దరి లెక్క ఒకటి కాదు. కోదాడవాడికి 42,000 పైన ట్యాక్సు, తిరుగుడు ఖర్చు కలుస్తాయి. ఆ సంగతి ముందే తెలిస్తే అతని బేరం అత్యాశగా అనిపించదు. అందుకే /noc అని మూడో జవాబు: ‘తెలంగాణకైతే ఎన్‌ఓసీ కావాలండి, దరఖాస్తు మీద సంతకం నేను పెట్టిస్తాను, అక్కడి ట్యాక్సు, నంబరు ఖర్చు మీదే. పేరు మార్చుకుంటేనే ఇస్తాను.’ ఈ చివరి మాట మొహమాటం లేకుండా రాసుకోవాలి. బండి చేతులు మారినా రికార్డులో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారానికి రికార్డులో ఉన్న యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ముఖాముఖి కూర్చున్నాక ‘తర్వాత మార్చుకుంటాలే’ అనేవాడితో వాదించడం కష్టం. మెసేజ్‌లో ముందే ఉంటే వాదన ఉండదు.

ఇక ధర. ‘తగ్గుతుందా?’ అన్నదానికి జనం రాసుకునే సిద్ధ జవాబులు మూడు రకాలు. ‘ఫిక్స్‌డ్’ అనేది ఒకటి, ‘స్లైట్లీ నెగోషియబుల్’ అనేది ఇంకొకటి, ‘మీరెంత ఇస్తారు?’ అనేది మూడోది. మొదటిది నిజమైతే మంచిదే. కానీ మన దగ్గర ఫిక్స్‌డ్ అని రాసినవాళ్లు చాలామంది చివరికి తగ్గిస్తారని అందరికీ తెలుసు కాబట్టి, ఆ మాటకు విలువ పోయింది. రెండోది ఏమీ చెప్పదు, కానీ బేరానికి తలుపు తెరిచేస్తుంది. మూడోది అన్నిటికంటే ప్రమాదం. బండి చూడనివాడిని ధర చెప్పమంటే సగానికి సగం చెప్తాడు, చెప్పాక ఆ అంకె అతని మనసులో పాతుకుపోతుంది.

కొంతమంది చాట్‌లోనే ‘40కి ఇస్తాను’ అనేస్తారు, త్వరగా తేలిపోతుందని. తేలదు. అవతలివాడు ఇంకా బయల్దేరనేలేదు, బండి ముట్టుకోలేదు, అప్పుడే రెండు వేలు పోయాయి. అతను వచ్చి చైన్ స్ప్రాకెట్ అరిగిందని, బ్యాటరీ మారుస్తే గానీ సెల్ఫ్ అందుకోదని చూపించి తగ్గించమన్నప్పుడు 40 నుంచి మొదలవుతుంది, 42 నుంచి కాదు.

పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడే పద్ధతి గుర్తు తెచ్చుకోండి. ఎంతకు తెగిందో పక్కవాడికి తెలియకూడదనే ఆ గుడ్డ. వాట్సాప్‌లో ఆ గుడ్డ లేదు. ఒకడికి రాసిన అంకె స్క్రీన్‌షాట్ అయి అదే గ్రూపులో తిరుగుతుంది, ‘ఫలానా వాడికి 40 అన్నారుగా’ అని రాత్రికి మరో ఇద్దరు అడుగుతారు. అందుకే రాతలో ఇచ్చే ధర జవాబు అందరికీ ఒకటే ఉండాలి, ప్రకటనలో ఉన్న ధరే ఉండాలి. తగ్గింపు ఎదురుగా నిలబడ్డవాడికే.

ఆ జవాబు ఇలా ఉండొచ్చు: ‘42 అండి. బండి చూసి, నడిపి చూశాక మాట్లాడుకుందాం. అదే రోజు డబ్బు కట్టి, పేపర్ల మీద సంతకాలు చేసి తీసుకెళ్లేవారికి కొంత చూస్తాను. వచ్చే రోజు చెప్పండి.’ ఇందులో కాదనలేదు, అంకె కూడా ఇవ్వలేదు. తగ్గింపు దేనికి బదులుగా వస్తుందో మాత్రం చెప్పాం. కోదాడవాడు ఆదివారం వచ్చి, స్ప్రాకెట్ చూపించి 36 అంటే, యజమాని 40 అని, మెల్లగా 39,500 దగ్గర ఆగొచ్చు. అదే రోజు డబ్బు, సంతకాలు. చాట్‌లోనే 40 అని ఉంటే ఆ బేరం 38 దగ్గరికి, అంటే మనసులో గీసుకున్న గీత కిందికి వెళ్లేది. ఈ తేడా ప్రతిసారీ ఇంతే ఉంటుందని నేననను. కానీ దిశ మాత్రం ఇదే.

ప్రకటనలో పెట్టే అంకె కూడా తగ్గుతుందా లేదా అన్నదానికి మౌనంగా జవాబిస్తుంది. అమెరికాలో ఈబే వెబ్‌సైట్‌లోని బేరాల మీద మాథ్యూ బాకస్, థామస్ బ్లేక్, స్టీవెన్ టడేలిస్ చేసిన అధ్యయనం 2019లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వచ్చింది. వంద డాలర్ల గుణిజాల్లో గుండు అంకె పెట్టినవారికి, పక్కనున్న విడి అంకెలు పెట్టినవారికంటే 5 నుంచి 8 శాతం తక్కువ ధరకు బేరాలు వచ్చాయి, కానీ 6 నుంచి 11 రోజులు ముందుగా వచ్చాయి. అంటే గుండు అంకె పెట్టినవాడు తొందరలో ఉన్నాడని, తగ్గిస్తాడని కొనేవాళ్లు చదువుకుంటున్నారు. మన ఊరికి దీన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా 50,000 అని రాసి ‘ఫిక్స్‌డ్’ అని పక్కన పెట్టేవాడిని ఎవరూ ఎందుకు నమ్మరో ఇది చెప్తుంది. త్వరగా అమ్ముడుపోవాలంటే గుండు అంకె, నిలబడగలిగితే విడి అంకె. ఈబేలో ఇంకో సౌకర్యం ఉంది. ఇంత కంటే తక్కువ అడిగితే యంత్రమే కాదనేలా అమ్మేవాడు ముందే గీత పెట్టుకోవచ్చు. మన చాట్‌లలో అది లేదు, ఆ గీత మనసులోనే ఉండాలి.

సిద్ధ జవాబు చేసే పెద్ద నష్టం పాతబడిపోవడం. బండి ఉదయం అమ్ముడుపోయింది. ప్రకటన తీసేశారు. కానీ అదే ప్రకటనను ఎవరో పది రోజుల క్రితం ఇంకో గ్రూపులోకి పంపారు, అది ఇప్పటికీ తిరుగుతోంది. సాయంత్రం ఎవరో ‘ఉందా?’ అన్నారు. చెయ్యి అలవాటుగా /undi కొట్టింది, ‘ఉందండి, సాయంత్రం 5 తర్వాత చూడొచ్చు’ అని వెళ్లిపోయింది. హుజూర్‌నగర్ నుంచి మనిషి బయల్దేరాడు. తర్వాత ఎన్ని క్షమాపణలు చెప్పినా ఆ మనిషి తిట్టుకోకుండా వెనక్కి పోడు. దీనికి ఒకే మందు. బండి అమ్ముడైన నిమిషంలో, ప్రకటన తీయకముందే, /undi అన్న పేరు అలాగే ఉంచి దాని లోపలి మాట మార్చాలి: ‘అమ్మేశామండి. అడిగినందుకు ధన్యవాదాలు.’ అప్పుడు అలవాటుగా కొట్టినా నిజమే వెళ్తుంది. అడ్వాన్సు మాత్రమే తీసుకున్న దశకు /token విడిగా ఉండాలి: ‘ఒకరు అడ్వాన్సు ఇచ్చారండి, ఆదివారం దాకా వాళ్లకి మాట ఇచ్చాం. వాళ్లు వద్దంటే మీకు చెప్తాను.’ ‘ఉంది’కీ ‘లేదు’కీ మధ్య ఉన్న ఈ స్థితిని దాచి, ‘ఉంది’ అని చెప్తూ పోయేవాళ్లు ఇద్దరి దగ్గరా మాట పోగొట్టుకుంటారు.

మర్యాద గురించి ఒక చిన్న సంగతి. ‘ఉంది బ్రో’, ‘ఉందన్నా’ అని రాసి దాచుకున్న జవాబు ఒక రోజు కూతురి కాలేజీకి స్కూటీ వెతుకుతున్న తల్లికి వెళ్తుంది. అవతలివారు ఆడో మగో, పెద్దో చిన్నో తెలియనప్పుడు ‘అండి’ ఒక్కటే అందరికీ సరిపోతుంది. వాయిస్ మెసేజ్ పంపినవారికి రాత జవాబు పంపడం మాత్రం వద్దు. చదవడం ఇబ్బంది కాబట్టే చాలామంది మాట్లాడి పంపుతారు, వాళ్లకి ఫోన్ చేయడమే సరైనది.

మోసగాళ్ల దగ్గరా సిద్ధ జవాబులుంటాయి, మనకంటే పకడ్బందీగా. కొనేవాడిలా వచ్చే మోసగాడిని పట్టించే గుర్తు ఒకటుంది. అతను బేరమాడడు. ఫోటో చూసి 42కి సరేనంటాడు, తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ మీద వెళ్తున్నానని, మనిషిని పంపి బండి తెప్పించుకుంటానని అంటాడు. ఆ వెంటనే క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే మీ ఖాతాలో డబ్బు పడుతుందంటాడు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, రావడానికి పిన్ అక్కర్లేదు. తగ్గిస్తారా అని విసిగించేవాడి మీద విసుగొచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. మన దేశంలో పాత బండిని చూడకుండా, బేరమాడకుండా కొనేవాడు లేడు. అమ్మేవాడి వేషంలో వచ్చే మోసగాడి మొదటి జవాబు ‘ఉంది, కానీ చాలామంది అడుగుతున్నారు, రెండు వేలు పంపితే మీకోసం ఆపుతాను’ అన్నది. కనుక నిజాయతీగా అమ్మేవారు మొదటి జవాబులో అడ్వాన్సు మాట ఎత్తకూడదు, ఎత్తితే వాళ్లు కూడా అదే వరసలో కనిపిస్తారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. పాడి గేదె అమ్మేవాడికి సిద్ధ జవాబు అక్కరకు రాదు. ఎన్నో ఈత, పూటకు ఎన్ని పాలు, చూడిదా కాదా, ఈనినదైతే దూడ ఉందా అన్నవి నెలనెలకీ మారుతాయి, పాలైతే వారంలోనే మారతాయి. స్థలాలైతే చెప్పనే వద్దు. గజం ధర రాతలో ఇచ్చి, లింకు డాక్యుమెంట్లు తర్వాత చూద్దామన్న బేరాలు ఏమయ్యాయో జాతీయ రహదారి పక్క ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు. ఒకే రకం వస్తువు, ఒకే రకం పేపర్లు, ఒకటే చోట ఉన్నప్పుడు మాత్రమే రాసి పెట్టుకున్న జవాబు నిలబడుతుంది. పాత బండి, ఫ్రిజ్, కుట్టు మిషను, బీరువా దాకా సరే.

చివరిగా కొనేవారికి ఒక విన్నపం. పెట్టెలో ముందే రాసి ఉన్న ప్రశ్న నొక్కేముందు దానికి రెండు మాటలు కలపండి: మీ ఊరు, మీరు రాగల రోజు. ‘బండి ఉందా అండీ? మాది మధిర, ఆదివారం పొద్దున రాగలను’ అని రాసినవారికి, రోజంతా ఎవరికీ పలకని యజమాని కూడా ముందుగా జవాబిస్తాడు.